మెస్‌లో, హోటల్‌లో, ఇంట్లో తిండి వృథా తగ్గించే ప్రాజెక్టు: తక్కువ ఖర్చుతో పరీక్షించడం ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలి? యాప్ తయారు చేద్దామనుకుంటున్నాం.

యాప్ సంగతి తర్వాత. ముందు ఒక కాటా, మూడు బకెట్లు తెచ్చుకోండి. వంటగదిలో తిండి మూడు చోట్ల పోతుంది. కూరగాయలు కుళ్లిపోవడం, తరుగులో మంచి ముక్క కూడా పోవడం మొదటిది. వండినది వడ్డించకుండానే గిన్నెల్లో మిగిలిపోవడం రెండోది. వడ్డించాక పళ్లెంలో వదిలేయడం మూడోది. ఈ మూడింటికీ కారణాలు వేరు, బాధ్యులూ వేరు. మొదటిది సరుకులు కొనేవాళ్ల చేతిలో ఉంటుంది, రెండోది వంటమనిషి అంచనాలో, మూడోది గరిటె పట్టుకున్నవాళ్ల చేతిలోనూ తినేవాళ్ల ఆకలిలోనూ. అన్నీ ఒకే డ్రమ్ములో పడుతున్నంత కాలం ఎవరి దగ్గర ఎంత పోతోందో తెలియదు, కాబట్టి ఏ ఉపాయం పనిచేసిందో కూడా తెలియదు.

ఈ పేజీలో ఎక్కువగా హాస్టల్ మెస్ గురించే రాశాను. రోజూ దాదాపు అదే మనుషులు, అదే టైము, తిరిగి తిరిగి వచ్చే మెనూ ఉంటాయి కాబట్టి ప్రయోగం చేయడానికి దానికంటే అనువైన చోటు దొరకదు. హోటల్, ఇల్లు గురించి చివర్లో విడిగా చెప్పాను.

ఏమేం సామాన్లు కావాలి?

కొక్కేనికి తగిలించి తూచే కాటా ఒకటి, 50 గ్రాముల తేడా చూపిస్తే చాలు. ఒకే సైజు బకెట్లు మూడు. ఒక చిల్లుల బుట్ట. ఒక నోటుబుక్కు, చెరగని మార్కర్. గరిటె బరువు చూడటానికి చిన్న వంటింటి కాటా ఉంటే మంచిది.

తూకంలో తప్పులు ఎక్కడ వస్తాయి?

అన్నిటికంటే ఎక్కువగా నీళ్ల దగ్గర. పళ్లెం కడుగుతూ బకెట్లోకి ఒంపితే రెండు మూడు కిలోల నీళ్లు కలిసిపోతాయి, మీరు దాన్ని అన్నం అనుకుని లెక్కేస్తారు. అందుకే పళ్లెం తడపకముందే దులపాలి. పల్చటి కూరలు ఎక్కువగా ఉన్న రోజు బకెట్‌ను చిల్లుల బుట్టలో వంచి, కాసేపు కారనిచ్చి, అప్పుడు తూచాలి. ప్రతి రోజూ అదే పద్ధతి పాటించాలి, ఒక రోజు కార్చి ఇంకో రోజు కార్చకపోతే రెండు రోజులనూ పోల్చలేం.

రెండోది, తినలేనివి. ఎముకలు, తొక్కలు, టిష్యూ పేపర్లు, కప్పులు వేరే డబ్బాలో పడాలి. వాటిని తగ్గించడం మీ ప్రాజెక్టు పని కాదు.

మూడోది, మొత్తం కిలోలు చూసి సంబరపడటం. సెలవు ముందు రోజు మెస్‌కు సగం మందే వస్తే వృథా కూడా సగమవుతుంది. అందులో మీ గొప్పేమీ లేదు. కాబట్టి ఎప్పుడూ తలకు ఎన్ని గ్రాములో చూడాలి:

```
తలకు గ్రాములు = (నిండు బకెట్ కిలోలు - ఖాళీ బకెట్ కిలోలు) × 1000 ÷ తిన్నవాళ్ల సంఖ్య
```

నిండు బకెట్ 19.2 కిలోలు, ఖాళీది 1.2 కిలోలు, తిన్నవాళ్లు 200 మంది అయితే తలకు 90 గ్రాములు. ఖాళీ బకెట్ బరువు మార్కర్‌తో బకెట్ మీదే రాసేయండి. తిన్నవాళ్ల లెక్క రిజిస్టర్లో పేర్లు చూసి కాదు, ఆ పూట వాడిన పళ్లేలు లెక్కపెట్టి రాయాలి.

మార్పు చేయకముందు ఎన్నాళ్లు తూచాలి?

మెనూ ఒక చుట్టు తిరిగేదాకా. వారానికోసారి తిరిగే మెనూ అయితే రెండు చుట్లు, అంటే రెండు వారాలు తూస్తే నమ్మకం కుదురుతుంది. అందరికీ నచ్చే వంటకం చేసిన రోజుకీ, ఎవరూ ముట్టని కూర చేసిన రోజుకీ మధ్య తేడా మీరు చేయబోయే మార్పు కంటే పెద్దదిగా ఉండొచ్చు. అందుకే ఈ సోమవారాన్ని వచ్చే సోమవారంతోనే పోల్చాలి, మంగళవారంతో కాదు.

ఇంకో మాట. బకెట్ పక్కన ఎవరో నోటుబుక్కు పట్టుకుని నిలబడితే జనం మొహమాటానికి కాస్త తక్కువ వదులుతారు. మొదటి మూడు నాలుగు రోజుల అంకెలు రాసుకోండి కానీ సగటులో కలపకండి. వీలైతే తూకం అందరి ఎదుటా కాకుండా వెనక గదిలో వేయండి.

ముందుగా ఏ ఉపాయం పరీక్షించాలి?

దానికి ముందు ఒక చిన్న పని ఉంది, జనం ఎందుకు వదిలేస్తున్నారో కనుక్కోవడం. పెద్ద ప్రశ్నావళి పంచితే ఎవరూ నింపరు, నింపినా మర్యాదకు ఏదో రాస్తారు. ఎంగిలి బకెట్ పక్కన మూడు డబ్బాలు పెట్టి, వాటి మీద "ఎక్కువ వడ్డించారు", "రుచి బాలేదు", "ఆకలి లేదు" అని రాయండి. ఒక గిన్నెలో సీసా మూతలు పోయండి. పళ్లెంలో మిగిల్చినవాళ్లు ఒక మూత తీసి ఏదో ఒక డబ్బాలో వేస్తారు. ఇది రెండు సెకన్ల పని, పేరు చెప్పక్కర్లేదు. మూడు రోజులకే బొమ్మ కనబడుతుంది. అవే రోజుల్లో అన్నానికి ఒక బకెట్, కూరలకు ఒకటి విడిగా పెడితే ఏ వంటకం ఎక్కువ పోతోందో కూడా తెలుస్తుంది.

"రుచి బాలేదు" డబ్బా నిండితే గరిటెలు మార్చి లాభం లేదు, వంట మీద పనిచేయాలి. "ఆకలి లేదు" నిండితే భోజనం టైము చూడాలి, సాయంత్రం తిండికీ రాత్రి భోజనానికీ మధ్య వ్యవధి మరీ తక్కువేమో. "ఎక్కువ వడ్డించారు" నిండితే మాత్రం మీ చేతిలో చాలా చవకైన ప్రయోగం ఉంది, గరిటె మార్చడం.

గరిటె ప్రయోగం ఎలా చేయాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

లెక్క అర్థం కావడానికి ఒక మెస్ తీసుకుందాం. ఇక్కడి అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, మీ మెస్‌లో వేరేగా ఉంటాయి.

మధ్యాహ్నం సగటున 200 మంది తింటారు. బియ్యం 36 కిలోలు పోస్తారు. వండాక బరువు బియ్యం రకాన్ని బట్టి, పోసే ఎసరును బట్టి మారుతుంది, ఇక్కడ 2.75 రెట్లు అనుకుందాం, అంటే సుమారు 99 కిలోల అన్నం. గరిటెడు అన్నం తూస్తే 200 గ్రాములు వచ్చింది. అడిగినా అడగకపోయినా ప్రతి పళ్లెంలో రెండు గరిటెలు పడతాయి, అంటే 400 గ్రాములు. రెండు వారాల తూకంలో పళ్లేల్లో వదిలింది తలకు 90 గ్రాములు, గిన్నెల్లో మిగిలింది 14 కిలోలు, అంటే తలకు 70 గ్రాములు. రెండూ కలిపి 160.

ఇప్పుడు 130 గ్రాములు పట్టే గరిటె తెచ్చారు. మొదట రెండు గరిటెలే, తర్వాత ఎన్నిసార్లైనా అడగొచ్చు. మళ్లీ రెండు వారాలు తూచారు. పళ్లేల్లో వదిలింది 90 నుంచి 62కు దిగింది. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగి "మూడో వంతు తగ్గించాం" అని పోస్టర్ వేసేస్తాయి. కానీ అదే రెండు వారాల్లో గిన్నెల్లో మిగిలింది 70 నుంచి 95కు పెరిగింది. మొత్తం 157. అంటే పళ్లెంలో మిగలాల్సిన అన్నం గుండిగలో మిగిలింది, అంతే. పోసే బియ్యం తగ్గించలేదు కాబట్టి వృథా ఒక బకెట్ నుంచి ఇంకో బకెట్‌కు మారింది తప్ప తగ్గలేదు.

అసలు లాభం రెండో అడుగులో ఉంది. గిన్నెల్లో ఇప్పుడు తలకు 95, అంటే 19 కిలోలు మిగులుతోంది. అందులో చాలా భాగం అన్నమే. కాబట్టి 36 కిలోల బియ్యానికి బదులు 33 కిలోలే పోస్తారు. ఆ 3 కిలోలు కడగకుండా, కొలిచి పక్కన పెడతారు. భోజనం మొదలైన అరగంటకు గుండిగలో ఎంత దిగిందో చూసి, అవసరమైతేనే ఆ మూడూ వేస్తారు. 3 కిలోల బియ్యం అంటే దాదాపు 8 కిలోల అన్నం. అది అవసరం పడకపోతే గిన్నెల్లో మిగిలేది 11 కిలోలకు, తలకు 55కు దిగుతుంది. పళ్లెంలో 62, గిన్నెలో 55, మొత్తం 117. 160 నుంచి 117 అంటే నాలుగో వంతుకు పైనే తగ్గినట్టు, పైగా రోజుకు 3 కిలోల బియ్యం బస్తాలోనే ఉంది. మెస్ ఇన్‌ఛార్జికి గ్రాముల పట్టిక కంటే ఈ ఆఖరి ముక్క త్వరగా ఎక్కుతుంది.

గుండిగలో ఎంత దిగిందో తెలుసుకోవడానికి ప్రతిసారీ తూచనక్కర్లేదు. పొడవాటి స్టీలు గరిటె కాడ మీద గీతలు గీసి, ఏ గీత దాకా ఉంటే ఎన్ని కిలోలో ఒక్కరోజు తూచి రాసుకుంటే చాలు.

వచ్చిన తేడా నిజమేనా, కాకతాళీయమా? ఎలా తెలుస్తుంది?

సగటు ఒక్కటే చూడకండి, రోజువారీ అంకెలు వరసగా రాయండి. పై ఉదాహరణలో మార్పుకు ముందు పళ్లేల్లో వదిలింది రోజుకు 78 నుంచి 104 మధ్య ఊగిందనుకోండి, మార్పు తర్వాత 50 నుంచి 75 మధ్య ఊగింది. కొత్త రోజుల్లో అన్నిటికంటే చెడ్డ రోజు కూడా పాత మంచి రోజు కంటే మెరుగ్గా ఉంది. అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. అలా కాకుండా రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే సగటులో ఐదారు గ్రాముల తేడాను పట్టించుకోకండి.

ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది, చాలామంది దీన్ని చేయడానికి ఇష్టపడరు. పాత గరిటెను ఒక వారం మళ్లీ తెచ్చి పెట్టండి. వృథా మళ్లీ పెరిగితే తగ్గుదల గరిటె వల్లే అని తేలుతుంది. పెరగకపోతే అది వాతావరణమో, పరీక్షల సీజనో, ఇంకేదో.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. గరిటె, మెనూ, పోస్టర్ అన్నీ ఒకే వారంలో మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

వంటమాస్టర్ తక్కువ వండటానికి ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఆయన వైపు నుంచి చూడండి. ఇరవై కిలోలు మిగిలితే ఎవరూ ఏమీ అనరు, డ్రమ్ములో పోసి మూత పెడతారు. పది మందికి అన్నం తక్కువైతే మాత్రం గొడవ, వార్డెన్ దగ్గర పంచాయితీ, ఆ రోజంతా టెన్షన్. ఎవరైనా ఎక్కువే వండుతారు. ఇక్కడ వృథాకు మూలం అజాగ్రత్త కాదు, భయం. కాబట్టి "తక్కువ వండండి" అని చెప్పడం కంటే ఆ భయం పోయే ఏర్పాటు చేయడమే ప్రయోగం.

కొలిచి పక్కన పెట్టిన బియ్యం అలాంటి ఏర్పాటే. పది పదిహేను నిమిషాల్లో తయారయ్యేది ఏదైనా ఒకటి సామాన్లతో సహా సిద్ధంగా ఉంచడం మరొకటి. తక్కువైన రోజు తప్పు వంటవాళ్ల మీదకు రాదని ఇన్‌ఛార్జి ముందే అందరి ఎదుటా చెప్పాలి. ఇది లేకుండా ఏ అంచనా పద్ధతీ మూడో రోజు దాటదు. ప్రయోగం జరిగే రోజుల్లో చివర వచ్చిన ఇరవై మందికి అన్నీ దొరికాయా లేదా కూడా రాసుకోండి. వృథా తగ్గి, చివరివాళ్లు ఆకలితో వెళ్తుంటే అది విజయం కాదు.

ఎంతమంది వస్తారో ముందే అడిగితే సరిపోదా?

అడగొచ్చు, కానీ జనం చెప్పిన మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. తలుపు దగ్గర ఒక కాగితం పెట్టి, రేపు మధ్యాహ్నం తినేవాళ్లను టిక్ పెట్టమనండి. 180 మంది టిక్ పెట్టారు, అందులో 160 మంది వచ్చారు, టిక్ పెట్టని 12 మంది కూడా వచ్చారు అనుకుందాం. అంటే 180 టిక్కులకు 172 పళ్లేలు. 172ను 180తో భాగిస్తే 0.96. ఈ నిష్పత్తిని వారంలో ఒక్కో రోజుకు విడిగా రాసుకుంటూ పోతే మూడు నాలుగు వారాల్లో "శుక్రవారం టిక్కులను ఇంతతో గుణించాలి" అనేది తెలిసిపోతుంది. యాప్ కావాలనుకుంటే ఇది తెలిశాక చేయండి. కాగితం మీద పనిచేయనిది ఫోన్‌లో కూడా పనిచేయదు.

పోస్టర్లు అంటిస్తే? వదిలేసినవాళ్లకు జరిమానా వేస్తే?

జరిమానా వద్దు. వేసిన మర్నాటి నుంచి ఎంగిలి బకెట్ తేలికవుతుంది, నిజమే, కానీ అన్నం టిష్యూల్లో చుట్టి డస్ట్‌బిన్‌లో పడుతుంది, వాష్‌బేసిన్‌లోకి పోతుంది. అనుమానం వస్తే బేసిన్ జాలీ, బల్లల కింద డబ్బాలు చూడండి. బకెట్ బరువు తగ్గి జాలీ నిండుతుంటే మీ అంకెలు అబద్ధం చెబుతున్నట్టే.

పోస్టర్ల విషయంలో ఏ మాట రాశారన్నది ముఖ్యం. నార్వే హోటళ్ల బఫేల్లో జరిగిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. పళ్లెం సైజు తగ్గించిన చోట, "మళ్లీ మళ్లీ వచ్చి వడ్డించుకోండి, ఒక్కసారికి ఎక్కువ వేసుకోనక్కర్లేదు" అనే అర్థం వచ్చే బోర్డు పెట్టిన చోట, రెండింటిలోనూ వృథా ఐదో వంతు దాకా తగ్గింది. ఆ బోర్డు ఎవరినీ తిట్టలేదు, మళ్లీ రావచ్చని భరోసా ఇచ్చింది. మెస్‌లో రెండోసారి లైన్లో నిలబడటానికి పది నిమిషాలు పడితే మాత్రం ఏ బోర్డూ పనిచేయదు, జనం మొదటిసారే నింపుకుంటారు. అందుకని రెండో వడ్డనకు విడిగా ఒక చిన్న కౌంటర్ పెట్టి, దాని ప్రభావాన్ని కూడా తూచి చూడొచ్చు.

హోటల్‌లో అయితే ఏం పరీక్షించాలి?

హోటల్‌లో ఒక్కో బల్ల ఒక్కో వంటకం తింటుంది కాబట్టి తలకు గ్రాములు అంత పనికిరావు. వంటకం వారీగా చూడండి. పళ్లేలు కడిగే చోట మెనూలోని పది వంటకాల పేర్లతో కాగితం అంటించి, సగానికి పైగా తిరిగొచ్చిన ప్రతి పళ్లేనికీ ఆ పేరు ఎదురుగా ఒక గీత గీయమనండి. రాత్రి బిల్లుల్లో ఆ వంటకం ఎన్ని అమ్ముడయ్యాయో చూసి భాగించండి. ఎక్కువగా తిరిగొచ్చే వంటకానికి ఒక వారం చిన్న సైజు కూడా ఇచ్చి చూడండి. అడగకుండానే పక్కన పెట్టే అలంకరణలు, నంజుళ్లు అయితే ఇంకా సులువు: వారం పాటు "కావాలా?" అని అడిగాకే ఇవ్వండి, వద్దన్నవి లెక్కపెట్టండి.

ఇంట్లో?

నలుగురు తినే ఇంట్లో రోజువారీ తూకం చిన్నగా ఉండి అటూఇటూ ఊగుతుంది. దాని బదులు ఫ్రిజ్ తలుపు మీద కాగితం పెట్టి, పారేసిన ప్రతిసారీ మూడు మాటలు రాయండి: ఏది, ఎంత, ఎందుకు. "అర గిన్నె కూర, వెనక ఉండి కనబడలేదు" లాగా. రెండు వారాల తర్వాత "కనబడలేదు", "మరిచిపోయాం" ఎక్కువగా ఉంటే, ఫ్రిజ్‌లో కంటికి ఎదురుగా ఉన్న అరలో ఒక ట్రే పెట్టి, ముందు తినేయాల్సినవన్నీ అందులోనే ఉంచండి. "ఎక్కువ వండాం" ఎక్కువగా ఉంటే బియ్యం కొలిచే గ్లాసు మార్చండి. ఒకదానికి మందు ఇంకోదానికి పనిచేయదు.

మిగిలిన అన్నం మర్నాడు వాడొచ్చా? ఎవరికైనా ఇవ్వొచ్చా?

వడ్డించని అన్నమైతేనే, అదీ వేడి, చల్లదనం సరిగ్గా చూసుకుంటేనే. పళ్లెంలో పడి తిరిగొచ్చింది ఎవరికీ పెట్టకూడదు. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. మధ్యలో రెండు గంటలకు మించి ఉంచకూడదు.

అన్నంతో ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రంగు, వాసన మామూలుగానే ఉంటాయి కాబట్టి ముక్కును నమ్మడానికి లేదు. లోతైన గుండిగలో వదిలేసిన అన్నం నడి మధ్యలో చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. దాచాలనుకుంటే వెడల్పాటి ట్రేల్లో రెండంగుళాల మందాన పరిచి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అంత చల్లబరిచే సౌకర్యం లేని మెస్ పంచిపెట్టే ప్రయోగం జోలికి పోకపోవడమే మేలు.

కంపోస్టు చేస్తే వృథా తగ్గినట్టు లెక్కేనా?

కాదు. కంపోస్టు మంచిదే, డ్రమ్ములో కుళ్లి కంపు కొట్టడం కంటే నయం. కానీ వండిన అన్నం ఎరువైతే బియ్యం, గ్యాస్, నీళ్లు, మనిషి శ్రమ అప్పటికే ఖర్చయిపోయాయి. రిపోర్టులో దాన్ని వేరే వరుసలో చూపించండి. తలకు గ్రాముల లెక్కలోంచి తీసేయకండి.

రిపోర్టులో ఏం పెట్టాలి?

రోజువారీ అంకెలన్నీ, చెడ్డ రోజులతో సహా. పళ్లెం, గిన్నె రెండు గీతలుగా ఒకే గ్రాఫ్‌లో, ఏ రోజున ఏం మార్చారో నిలువు గీతతో చూపిస్తూ. వండిన బియ్యం కిలోలు, చివరి ఇరవై మందికి ఏం దక్కిందో పక్కనే. ఏదైనా రోజు తూకం తప్పిపోతే ఆ గడి ఖాళీగానే వదిలి, పక్కన కారణం రాయండి.